ఏడువందల అడుగుల లోతున సమానత్వం

తిరుపతి నగరం తాగే నీళ్ళలో తెలుగుగంగ వాటా ఉంది. ఆ తెలుగుగంగ కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలు ఖర్చుల సంగతి కూడా మాట్లాడుకుని సంతకాలు చేశాయి. మూడు రాష్ట్రాలు నీళ్ళు ఇస్తే, నాలుగో రాష్ట్రం ఖర్చులో చెయ్యి కలిపింది. ఊరి చివర మా వీధిలో ఉన్నవి నాలుగే ప్లాట్లు, వాటికి ఒకే బోరు. మోటారు కాలిపోయింది. ఇక్కడ టీఎంసీల గొడవ లేదు, ట్రిబ్యునలూ అక్కర్లేదు. 36,000 రూపాయలు నలుగురూ పంచుకోవాలి, అంతే. ఆ పని అయ్యేలోపు కృష్ణా జలాల పంచాయితీ తేలిపోతుందేమో.

ముందు పార్టీలను పరిచయం చేస్తాను. మొదటి ప్లాటు నాది, ఒక ఇల్లు, ఒక కాపురం. రెండోది జీ ప్లస్ టూ, ఆరు పోర్షన్లు, అన్నీ అద్దెకే. మూడో ప్లాటులో ఇల్లు లేదు, కొబ్బరి చెట్లు, మల్లె పాదులు ఉన్నాయి. బోరు వేసింది కూడా ఆ స్థలంలోనే. నాలుగోది ఖాళీ ప్లాటు, చుట్టూ గోడ, గేటుకు తాళం. ఓనరు బెంగళూరులో ఉంటాడు.

వాటాల మాట ఎత్తగానే అందరిలోనూ నిద్రపోతున్న సిద్ధాంతాలు లేచి కూర్చున్నాయి. జన్మలో ఎర్రజెండా ముట్టని జీ ప్లస్ టూ ఆయన, 'అందరికీ సమానం సామీ, నలుగురం అన్నదమ్ముల మాదిరి' అన్నాడు. ఖాళీ ప్లాటాయన 'వాడినోడు కట్టాల గదప్పా, నేను చుక్క వాడలేదు' అని మార్కెట్ సూత్రం ఎత్తుకున్నాడు. ఆ ప్లాటు అమ్మకానికి పెట్టిన ప్రకటనలో మాత్రం 'బోరు నీళ్ళ వసతి కలదు' అని పెద్దక్షరాల్లో ఉంది. బోరు తన స్థలంలో ఉన్నందుకు మేమే తనకు ఎదురు అద్దె ఇవ్వాలని కొబ్బరి తోట ఆయన వాదన.

నేను పెట్టిన ప్రతిపాదనలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఖర్చు రెండు రకాలు. నీళ్ళు వాడినా వాడకపోయినా పాడయ్యేవి కొన్ని, వాడకం వల్ల పోయేవి కొన్ని. ఇనప పైపులు మొదటి రకం. నీటిమట్టం ఎక్కి దిగే చోట అవి తుప్పుపట్టి చిల్లులు పడతాయి, ఎవరి గేటుకు తాళం ఉందో చూసుకోవు. మోటారును పైకి లాగి మళ్ళీ దించడానికి 11,000, చిల్లుపడ్డ మూడు పైపులకు 9,000, కలిపి 20,000. ఇది నలుగురికీ సమానం, తలా 5,000. వైండింగు, బేరింగులు, కేబుల్ జాయింటు, నీళ్ళు లేనప్పుడు మోటారును ఆపే రిలే, ఇవన్నీ కలిపి 16,000. ఇది వాడకాన్ని బట్టి. మీటర్లు లేవు కాబట్టి కాపురాలు లెక్కపెట్టాను: నాది 1, అద్దె ఇంటివి 6, కొబ్బరి తోటకు 1 అనుకుందాం, ఖాళీ ప్లాటుకు సున్నా. మొత్తం ఎనిమిది భాగాలు, భాగానికి 2,000. అంటే నేను 7,000, జీ ప్లస్ టూ 17,000, తోట 7,000, బెంగళూరు 5,000. కూడితే సరిగ్గా 36,000.

అసలు లాగించడానికి ముందే ఒక తగాదా నడిచింది. ఏడువందల అడుగుల కింద ఉన్న మోటారు కాలిందో లేదో పైనుంచి ఎలా తెలుస్తుంది? తెలుస్తుంది. స్టార్టర్ దగ్గరే కేబుల్ విప్పి మెగ్గర్ పెడితే ఇన్సులేషన్ ఉందో పోయిందో చూపిస్తుంది. ఆ పరీక్ష చేయకుండా క్రేన్ పిలిస్తే, చివరికి పోయింది స్టార్టర్ కాంటాక్టులే అని తేలిన ఇళ్ళు ఈ ఊళ్ళో కావలసినన్ని. మా మెకానిక్ చూశాడు, ముల్లు సున్నా దగ్గర పడుకుంది. అయితే సున్నా వచ్చినంత మాత్రాన వైండింగే అనలేం, కేబుల్ జాయింటు తడిసినా అంతే చూపిస్తుంది. అందుకే లాగక తప్పలేదు.

లాగిన రోజు చూడాలి వైభోగం. ఇరవై అడుగుల పైపులు ముప్పై అయిదు. ఒక్కొక్కటే పైకి వస్తుంటే క్లాంపు బిగించి, విప్పి, పక్కన పేరుస్తున్నారు. బెంగళూరు ఆయన వీడియో కాల్‌లో హాజరు. 'ఆ పైపు ఇట్ల తిప్పన్నా, చిల్లు కనపడాల' అంటూ ప్రతి పైపునూ దర్శనం చేసుకున్నాడు. తన వాటా పైపులు తొమ్మిదేనట, అవి పైన ఉన్న తొమ్మిదేనట, చిల్లులు కింద పడ్డాయి కాబట్టి తనకు సంబంధం లేదట. కొబ్బరి తోట ఆయన ఊరుకుంటాడా? పైపులు తన మల్లె పాదు మీద పడ్డాయని నష్టపరిహారం రాయమన్నాడు. జీ ప్లస్ టూ ఆయన కుర్చీ వేసుకుని టీ తాగుతూ, 'మోటారు కంపెనీదే తప్పు' అని తీర్పు చెప్పాడు. క్రేన్ కుర్రాళ్ళు ముప్పై ఒకటో పైపు గాలిలో పట్టుకుని మా తీర్మానం కోసం నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు అడిగాడు, 'సార్, దీన్ని దించాల్నా, పట్టుకోనుండాల్నా?'

చివరికి మోటారు బయటపడింది. విప్పితే వైండింగు బొగ్గు. తప్పు కంపెనీది కాదు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీళ్ళే. ఎండాకాలం మా రాతి నేలలో ఊట తగ్గుతుంది. కుళాయిలో గాలి తన్నుతుంది, ప్యానెల్లో ఆంపియర్ల ముల్లు మామూలు కంటే కిందికి పడిపోతుంది. అప్పుడు ఆపాలి. ఆరు పోర్షన్ల సంపు నింపడానికి రాత్రంతా ఆన్ చేసి పడుకుంటే ఆ ముల్లును చూసేదెవరు?

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఆ ఆరు పోర్షన్ల వాళ్ళ సంగతికి వస్తే నాకు నవ్వు రాదు. అద్దె కాకుండా 'నీళ్ళ చార్జీ' అని పోర్షన్‌కు నెలకు 300 వసూలు చేస్తున్నాడు ఆ పెద్దమనిషి. ఆరు పోర్షన్లు, పన్నెండు నెలలు, 21,600. అందులోంచి బోరు కరెంటు బిల్లులో తన వాటా తీసేయండి, మిగిలింది ఏమైంది? ఈ మోటారుకు ఆయన వాటా 17,000. డబ్బు ముందే వాళ్ళ దగ్గర తీసుకున్నాడు, ఇప్పుడు అన్నదమ్ముల కథ మాకు చెబుతున్నాడు. మోటారు కాలినప్పటి నుంచి ఆ ఇళ్ళ ఆడవాళ్ళు బిందెలతో మెట్లెక్కుతున్నారు. రెండో అంతస్తులో ఒకావిడ నిండు గర్భిణి. ట్యాంకరు డబ్బు కూడా వాళ్ళే వేసుకుంటున్నారు. ఈ నెల నీళ్ళ చార్జీ మాత్రం ఒకటో తారీఖునే వసూలైంది. సిగ్గులేని వసూలు! చేయి చాచడానికి ఆ మనిషి పైమెట్టు దాకా ఎక్కగలడు, మోటారు దగ్గరికి నాలుగడుగులు వేయలేడు.

'అంత గొడవైతే సొంత బోరు ఏసుకుంటా' అని ఆయన బెదిరింపు. వేసుకో నాయనా. వాల్టా చట్టం కింద అనుమతి తీసుకో, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగేవాణ్ణి పిలిపించుకో, వెయ్యి అడుగులు తవ్వించు. రాయిలో నీళ్ళుండేది పగుళ్ళలోనే. అదే పగులు తగిలితే మా నీళ్ళే నువ్వు లాగుతావు, తగలకపోతే పొడి దుమ్ము. రెండింటికీ బిల్లు లక్షల్లో, 17,000 కాదు.

కాగితం రాశాను. పైన చెప్పిన వాటాలు, ఒక్కో లైనుకు ఒక్కో నీటి మీటరు, ఆ రీడింగు ప్రకారం ఇకముందు వాడకపు ఖర్చు, నెలనెలా కొంత రిపేరు ఫండు. ప్లాటు అమ్మితే కొన్నవాడికీ ఇదే వర్తించాలంటే బోరు హక్కు రిజిస్టరు దస్తావేజులో ఎక్కాలి, ఉత్త తెల్లకాగితం చాలదని లాయరు అన్నాడు. బెంగళూరు ఆయన అందరికంటే ముందు ఒప్పుకున్నాడు. అమ్ముడుపోవాలి కదా! తోట ఆయన మల్లె పాదుకు 500 తగ్గించమన్నాడు, సరే అని నా లెక్కలో వేసుకున్నాను. జీ ప్లస్ టూ ఆయన కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆషాఢంలో సంతకాలు పెట్టరాదంట, శ్రావణంలో చూద్దామంట. ట్యాంకరు డబ్బులు మాత్రం అద్దెకున్నోళ్ళు ఆషాఢంలోనే ఇస్తున్నారు.