వచ్చే శుక్రవారం ఎప్పుడొస్తుంది?

2025 అక్టోబరు 15, బుధవారం నాడు ఒక కార్యాలయం నాకు పంపిన సందేశంలో “పత్రాలు వచ్చే శుక్రవారంలోగా అందజేయవలెను” అని ఉంది. వాక్యం ఎంత హుందాగా ఉన్నదంటే, అందులో తేదీ లేదన్న సంగతి రెండోసారి చదివితే గాని తట్టలేదు. 17వ తేదీ అయి ఉండవచ్చు, 24 అయినా కావచ్చు. గడువు దాటితే జరిమానా మాత్రం అంకెలలో, పక్కన అక్షరాలలో కూడా స్పష్టంగా రాసి ఉంది.

ఈ విషయంలో లోకమంతా రెండు మతాలుగా చీలి ఉన్నది. మొదటి మతం వారికి “వచ్చే” అంటే నిజంగా వస్తున్నది. బుధవారం తరువాత ముందుగా వచ్చే శుక్రవారం 17 కనుక అదే వచ్చే శుక్రవారం. రెండో మతం వారు 17వ తేదీని “ఈ శుక్రవారం” అంటారు గనుక, వచ్చేది 24 అని తీర్మానిస్తారు. రెండూ తర్కబద్ధమైనవే. మొదటివారు ఈ రోజు నుంచి రోజులు లెక్కిస్తారు, రెండోవారు వారాలను లెక్కిస్తారు. చిక్కల్లా, తన పక్కన కూర్చున్నవాడు ఏ మతస్థుడో తెలిసే గుర్తేదీ ఎవరి నుదుటి మీదా ఉండదు.

రెండో మతంలో మళ్లీ ఒక శాఖాభేదం ఉంది. వారాలు లెక్కించాలంటే వారం ఎక్కడ మొదలవుతుందో తేలాలి కదా. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం సోమవారంతో మొదలుపెడుతుంది, అనేక గోడ క్యాలెండర్లు ఆదివారంతో మొదలుపెడతాయి. అదే నెల 19, ఆదివారం నాడు “వచ్చే వారం శుక్రవారం” అన్నామనుకుందాం. సోమవారపు శాఖ వారికి ఆ ఆదివారం గడిచిపోతున్న వారానికి తోక కనుక, శుక్రవారం 24న వస్తుంది. ఆదివారపు శాఖ వారికి అది కొత్త వారానికి తల కనుక, 31న వస్తుంది. ఒకే మాట, ఒకే రోజు, ఒకే గది. తేడా మాత్రం ఏడు రోజులు.

యంత్రాన్ని అడుగుదామా అంటే, లినక్స్ వ్యవస్థలలో ఉండే ఒక ఆజ్ఞ ఇది:

```
date -d "next friday"
```

బుధవారం నాడు దీన్ని నడిపితే 17వ తేదీ వస్తుంది, అనగా యంత్రం మొదటి మతంలో చేరింది. `next` తీసేసి అడిగినా అదే జవాబు. కానీ సాక్షాత్తు శుక్రవారం నాడు అడిగితే, `friday` అంటే ఈ రోజే, `next friday` అంటే ఏడు రోజుల తరువాత. దాని సూచనల పుస్తకమేమో, `next` అన్న మాట ఒక వారం ముందుకు జరుపుతుందని చెబుతుంది. ఆ లెక్కన బుధవారం నాడు 24 రావాలి. యంత్రం ఒక మతం, దాని గ్రంథం మరొక మతం.

ఆశ వదలక కార్యాలయానికి ఫోను చేశాను.

“వచ్చే శుక్రవారం అంటే ఏ తేదీ అండీ?”

“అదేనండీ, వచ్చే శుక్రవారమే.”

“ఎల్లుండి వచ్చేదా?”

“ఎల్లుండిది ఈ శుక్రవారం కదండీ.”

“అంటే 24.”

“తేదీ నేను చెప్పకూడదండీ. అక్కడ రాసిందే ప్రమాణం.”

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 24 అనుకొని 22న వెళ్లాను. అదే గదిలో మరొకాయన, “వచ్చేదంటే ముందొచ్చేదే కదా, 17తో అయిపోయింది” అని జరిమానా రసీదు చేతిలో పెట్టాడు. నా కోపం ఇక్కడ. అస్పష్టంగా రాసినవాడికే అర్థం చెప్పే అధికారం కూడా ఉంటే, ఆ అర్థం ఎప్పుడూ చదివినవాడి మీదకే విరుగుతుంది. “17” అని కొట్టడానికి రెండు మీటలు చాలు. ఆ రెండు మీటలు నొక్కడానికి బద్ధకించి, ఆ బద్ధకానికి నా చేత డబ్బు కట్టించడం పొరపాటు కాదు, సిగ్గులేనితనం.

పోనీ సందేశం మీద పంపిన తేదీ అయినా ఉంది. ఆ గది తలుపుకు అంటించిన కాగితం మీద అదీ లేదు. “వచ్చే శుక్రవారం కార్యాలయమునకు సెలవు” అని మాత్రమే ఉంది. ఎప్పుడు అంటించారో తెలియదు కనుక, ఆ కాగితం రోజూ ఉదయం కొత్తగా పుడుతుంది. సోమవారం చదివినవాడికి సెలవు నాలుగు రోజుల దూరంలో ఉంటుంది, శనివారం చదివినవాడికి ఆరు రోజుల దూరంలో. సెలవు అయిపోయిన మరునాడు వచ్చినవాడు సైతం, మళ్లీ శుక్రవారం రాకూడదని శ్రద్ధగా గుర్తుపెట్టుకొని వెళ్తాడు. అంచులు పసుపెక్కిన ఆ కాగితం ముందు నిలబడి నేనూ వేళ్ల మీద లెక్కపెట్టాను.

జరిమానాపై అభ్యంతరం రాసి ఇచ్చాను. పై అధికారి ఓపికగా చదివి, నా వాదనలో న్యాయం ఉన్నదని ఒప్పుకొని, విచారణ వచ్చే బుధవారం అన్నారు. ఆ రోజు బుధవారం.