శుభలేఖల ఖర్చు నోటుబుక్కుల నెత్తిన వేయకండి

జీతాలు, అద్దె, కరెంటు అన్నీ ఒకే కుప్పగా పోసి మెషిన్ గంటలతో భాగించేస్తే కాస్టింగ్, అంటే ఒక్కో సరుకు ఖర్చు లెక్క, అయిపోయిందనుకునే ప్రింటింగ్ ప్రెస్‌లు ఇంకా చాలా ఉన్నాయి. ఆ లెక్కతోనే మంచి ఆర్డర్లు వదిలేసుకుంటున్నారు, అదే నాకు బాధ.

ఒక ప్రెస్‌లో ఈ కుప్ప, అంటే ఓవర్‌హెడ్, నెలకు 6,00,000 రూపాయలు అనుకుందాం. నోటుబుక్ కవర్లు 2,70,000, వాటికి 270 గంటల రన్నింగ్. శుభలేఖలు 20,000, వాటికి 30 గంటలు. గంటకు 2,000 చొప్పున పాత పద్ధతిలో కవర్‌కు 2 రూపాయలు, కార్డుకు 3 రూపాయలు పడుతుంది.

కానీ శుభలేఖలంటే 500 చొప్పున 40 ఆర్డర్లు. ఆర్డర్ మారిందంటే పాత ప్లేట్లు విప్పాలి, రోలర్లు కడగాలి, కొత్త ప్లేట్లు బిగించాలి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదిరేదాకా షీట్లు పారేయాలి. పెళ్ళివారు ప్రూఫ్‌లో పేర్లు దిద్దిస్తూనే ఉంటారు. ఇదంతా రన్నింగ్ గంటల్లో ఎక్కడ కనిపిస్తుంది?

అందుకే కుప్పను పనుల వారీగా విడదీయాలి. మెషిన్ నడపడానికి 3,00,000, అంటే గంటకు 1,000. ప్లేట్లు మార్చి మెషిన్‌ను సిద్ధం చేసే సెటప్‌లకు 1,80,000; కవర్లకు 10, కార్డులకు 50, ఒక్కోటి 3,000. ఆర్డర్, ప్రూఫ్, బిల్లు పనికి 1,20,000. కవర్లవి 8 ఆర్డర్లు, కార్డులవి 40, ఒక్కోటి 2,500.

ఇప్పుడు కవర్ల వాటా 5,40,000 నుంచి 3,20,000కి దిగింది, కార్డులది 60,000 నుంచి 2,80,000కి ఎక్కింది. మొత్తం అదే 6,00,000. కవర్‌కు దాదాపు 1.19, కార్డుకు 14 రూపాయలు.

కాగితం, ఇంకు కవర్‌కు 3 రూపాయలైతే, స్కూల్ వాళ్ళు 4.80 ఇస్తామన్నప్పుడు పాత లెక్క 'నష్టం, వద్దు' అంటుంది. నిజానికి 61 పైసలు మిగులుతుంది. కార్డుకు కాగితం, ఇంకు 8 రూపాయలైతే, 16కి అమ్మి 5 మిగిలిందని సంబరపడతారు. అక్కడ పోతున్నది 6 రూపాయలు.

అలాగని శుభలేఖలు మానేయమనడం లేదు. మానేసినంత మాత్రాన 2,80,000 మిగలదు, ఆపరేటర్ జీతం అలాగే ఉంటుంది. తప్పు కార్డుది కాదు, ఆర్డర్ సైజుది. అవే సెటప్‌లతో 2,000 కార్డుల ఆర్డర్ వస్తే ఓవర్‌హెడ్ కార్డుకు 4.63కి పడిపోతుంది. కాబట్టి ప్రతి ఆర్డర్‌కూ సెటప్ చార్జీ విడిగా వేయండి.

ఈ పద్ధతిలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. సెటప్‌లు చేసే సిబ్బంది నెలకు 75 చేయగలిగి 60 మాత్రమే చేశారనుకోండి. రేటు 1,80,000ను 75తో భాగించి 2,400గా తీయాలి. మిగిలిన 36,000 ఖాళీగా ఉన్న సామర్థ్యం ఖర్చు. దాన్ని విడిగా చూపించాలి తప్ప ఏ కస్టమర్ బిల్లులోనూ కలపకూడదు. కలిపితే పని తగ్గిన నెలలో రేటు పెరుగుతుంది, రేటు పెరిగిందని ఉన్న ఆర్డర్లూ పోతాయి.