తేలికవి ముందు, ర్యాంకు వెనకాలే

తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీ వారు మన పిల్లల భవిష్యత్తు గురించి నిద్ర మానుకుని ఆలోచించి ఒక మహత్తర విషయం కనిపెట్టారు. వారాంతపు పరీక్షలో ఇకపై ప్రశ్నలు చాప్టర్ల వారీగా ఉండవట. తేలికవి ముందు, కష్టమైనవి వెనక. దీనివల్ల ర్యాంకు మెరుగుపడునని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ప్రకటించారు. ఫీజు ఆఖరి వాయిదా గడువు కూడా అదే మెసేజ్‌లో ఉంది.

తేలికేదో తేల్చడానికి లెక్చరర్లంతా ఒక సాయంత్రం కూర్చున్నారట. అక్కడ ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవడమే నాకిప్పుడు కాలక్షేపం. మ్యాథ్స్ సారు పేపరు తిరగేసి "అన్నీ తేలికే" అని ఉంటారు. ఇరవై ఏళ్లుగా అవే లెక్కలు చెబుతున్న మనిషికి కష్టమైనది యాడ దొరుకుతుంది? ఫిజిక్స్ సారేమో "ఈ ప్రొజెక్టైల్ లెక్క మా పిల్లోళ్లని నిద్దర్లో లేపి అడిగినా చేస్తారప్పా" అని ఉంటారు. "నిద్దర్లో చేస్తారు సార్, మేలుకున్నప్పుడే చేయడం లేదు" అని కెమిస్ట్రీ మేడమ్. మరి కష్టమైనవేవి? కెమిస్ట్రీవే అన్నారు మిగతావాళ్లు. మా డిపార్ట్‌మెంటుకు చెడ్డపేరు తేవద్దని మేడమ్ లేచి నిలబడ్డారు. చివరకు పొడుగ్గా అచ్చయిన ప్రశ్న కష్టం, ఒక్క వరుసలో అయిపోయేది తేలిక అని ఏకగ్రీవంగా తీర్మానించి టీ తాగారు.

ప్రశ్న కష్టమా కాదా అన్నది లెక్చరరు అభిప్రాయం కాదు. అదే ప్రశ్నను పిల్లలకిచ్చి వందలో ఎంతమంది సరిగ్గా రాశారో చూడాలి. ఎనభై మంది రాస్తే తేలిక, ఇరవై మందే రాస్తే కష్టం. ఈ లెక్కకు కావలసిన ఓఎంఆర్ షీట్లన్నీ కాలేజీలోనే మూలుగుతున్నాయి. వాటిలోంచి ర్యాంకులు తప్ప ఇంకేమీ పిండకూడదని ఏమైనా ఒట్టు పెట్టుకున్నారేమో.

సరే, తేలికేదో నిజంగానే తెలిసిందనుకుందాం. పేపర్లో నాలుగు చాప్టర్లు, 40 ప్రశ్నలు. ప్రతి చాప్టరులోనూ అయిదు తేలికవి, అయిదు కష్టమైనవి. తేలికదానికి ఒక నిమిషం, కష్టమైనదానికి మూడు నిమిషాలు పడతాయి. అంటే మొత్తం 80 నిమిషాల పని. ఇచ్చింది 60 నిమిషాలు. తేలికవి ముందొస్తే పిల్లాడు 20 నిమిషాల్లో అవన్నీ ముగించి, మిగిలిన 40 నిమిషాల్లో 13 కష్టమైనవి చేస్తాడు. మొత్తం 33. చాప్టర్ల వారీగా ఇస్తే మూడు చాప్టర్లు పూర్తిచేస్తాడు, 30. కష్టమైనవి ముందు పెడితే అవి 20 చేసేసరికి గంట కొడతారు. తెలిసిన తేలిక ప్రశ్నలు ఇరవై, కనీసం చదవకుండానే పోతాయి. అదే పిల్లాడికి 80 నిమిషాలివ్వండి, ఏ వరుసలోనైనా 40 చేస్తాడు. పరిశోధనలు చెప్పేదీ దాదాపు ఇదే: సమయం చాలినప్పుడు వరుస మార్చితే మార్కుల్లో వచ్చే తేడా స్వల్పం, చాలనప్పుడే అది కొంప ముంచుతుంది.

తేలికవి ముందు పెట్టడం వల్ల ఖాయంగా పెరిగేది మరొకటుంది: బాగా రాశామన్న భ్రమ. 2010లో వైన్‌స్టీన్, రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అవే ప్రశ్నలను వేర్వేరు వరుసల్లో ఇచ్చి చూశారు. మార్కుల్లో తేడా రాలేదు గానీ, తేలికవి ముందొచ్చినవాళ్లు తాము ఎక్కువ రాశామనుకున్నారు. పరీక్ష నుంచి నవ్వుతూ వచ్చే పిల్లలను చూస్తే వాయిదా కట్టడానికి తల్లిదండ్రులకూ చెయ్యాడుతుంది. ఇక అసలు ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. సబ్జెక్టుల వారీగా ఇస్తారే గానీ, తేలికవి ఏరి ముందు వడ్డించేవాళ్లు అక్కడెవరూ ఉండరు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కాపీ కొట్టకుండా నాలుగు సెట్లు చేశారు. ఏ సెట్టుకు తేలికవి ముందు, ఏ సెట్టుకు వెనక అని ఎవరూ చూసుకోలేదు. బైరాగిపట్టెడలో మా పక్కింటి పిల్లాడికి సి సెట్ వచ్చింది. మొదటి పేజీ నిండా కష్టమైనవే. పక్క బెంచీవాడు పేజీలు తిప్పుతుంటే వీడు మొదటి లెక్కమీదే చెమటలు కక్కాడు. సోమవారం వాణ్ణి పై సెక్షన్లోంచి తీసి కింది సెక్షన్లో కూర్చోబెట్టారు. వాళ్లమ్మ వెళ్లి అడిగితే "మీవాడు ఫోకస్ చేయడం లేదమ్మా" అన్నారు. ఫోకసా? 33కీ 20కీ మధ్య పదమూడు మార్కులున్నాయి. అందులో వాడికి తెలియనిది ఒక్కటైనా ఉందేమో చూపించండి! కష్టమైనది తగిలితే గుర్తు పెట్టుకుని ముందుకెళ్లు, మళ్లీ వెనక్కి రావచ్చు అని రెండేళ్లలో ఒక్క పీరియడైనా చెప్పారా? ఆ పని చేసే పిల్లాణ్ణి ఏ వరుసా ఏమీ చేయలేదు. అది చెప్పరు. మీరు తప్పుగా పేర్చిన పేపరుకు పదహారేళ్ల పిల్లాడు ర్యాంకు రూపంలో శిక్ష అనుభవించాలా? సిగ్గుండాలి.

పోనీ ఇంకో ఇరవై నిమిషాలివ్వండి సార్ అని వాళ్లమ్మ బతిమాలింది. కుదరదట. మెస్సు మూసేస్తారట.