మనిషిని మడతపెట్టకుండానే పంపే జిల్లా

స్వీడన్ దేశపు ఇద్దరు పెద్దమనుషుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఒకాయన ఎలి హెక్షర్, 1919లో దేశాల మధ్య వ్యాపారం మీద ఒక వ్యాసం రాశాడు. రెండో ఆయన బెర్టిల్ ఓలీన్, ఆయన శిష్యుడు. గురువుగారి ఆలోచనను పెంచి 1933లో పుస్తకం చేశాడు, 1977లో నోబెల్ కూడా తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి చెప్పింది మన సంత భాషలో ఒక్క ముక్క: ఇంట్లో ఏది దండిగా ఉంటే అది అగ్గువ, ఏది కరువైతే అది పిరం. కాబట్టి మనుషులు దండిగా ఉన్న దేశం చేతిపని ఎక్కువ పట్టే సరుకు బయటికి అమ్ముతుంది, యంత్రాలు దండిగా ఉన్న దేశం యంత్రాల సరుకు అమ్ముతుంది. సిద్ధాంతం బాగానే ఉంది. మా వైపు మాత్రం ఎవరూ పాటించడం లేదు.

చలికాలం పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. పత్తి బస్తాలు గుట్టలుగా ఉంటాయి, తేమ ఎంతని ఒకటే వాదన. ఆ పత్తి జిన్నింగ్ మిల్లుకు పోతుంది. క్వింటా పత్తి ఇస్తే మూడో వంతు దూది, మిగతాదంతా దాదాపు గింజే. దూదిని 170 కిలోల బేళ్లుగా కట్టి నూలు మిల్లులకు పంపుతారు. మన దేశం దూదినీ నూలునూ బయటికి కూడా అమ్ముతుంది, అందులో కొంత బంగ్లాదేశ్ పోతుంది. అక్కడ పత్తి పండేది నామమాత్రం. అయినా ఆ దేశం ఎగుమతుల్లో 80 శాతానికి పైగా కుట్టిన బట్టలే. దూది మనది, చొక్కా వాళ్లది. స్వీడన్ లెక్క ప్రకారం ఆ చొక్కా మనం కూడా కుట్టాలి కదా, మనకేమైనా మనుషుల కరువా?

ఈ సందేహంతోనే హనుమకొండలో నాకు బట్టలు కుట్టే టైలర్ దగ్గరికి వెళ్లాను. ఇంత యంత్రయుగంలో చొక్కా కుట్టే రోబో ఎందుకు రాలేదని అడిగాను. ఆయన నవ్వలేదు. ఒక చెయ్యి ముక్క, ఒక చంక ముక్క నా ముందు పెట్టాడు. "రెండింటి గుండ్రం కొలువుండ్రి సార్" అన్నాడు. కొలిచాను. చెయ్యి గుండ్రం చంక గుండ్రం కన్నా కొంచెం పెద్దది. ఆ కాస్త ఎక్కువ గుడ్డను కుచ్చు పడకుండా, వేళ్లతో కొద్దికొద్దిగా లోపలికి తోస్తూ కుట్టాలి. "మిషన్ సూది దించుతది సార్, గంతే. గుడ్డ ఎటు జారుతదో చూసుకునేది వేళ్లే" అన్నాడు. రేకు అయితే పెట్టిన చోటే ఉంటుంది, గుడ్డ ఉండదు. నూలు వడకడం వేరు. అక్కడ ఒక మనిషి వందల కదుళ్లను చూసుకోగలడు. కుట్టుపనిలో ఒక మిషన్ ముందు ఒక మనిషి కూర్చోవలసిందే. ఒకే దూది నుంచి వచ్చినా నూలు యంత్రాల సరుకు, చొక్కా మనుషుల సరుకు.

ఇక అంకెలు. ఇవి నేను వేసుకున్న ఉత్తుత్తి లెక్క, ఎవరూ ఆడిట్‌కు పంపకండి. ఒక కట్ట చొక్కాలకు 10 మనిషి రోజులు, 1 యంత్రం రోజు పడతాయి అనుకుందాం. ఒక కట్ట నూలుకు తిరగేసి 1 మనిషి రోజు, 10 యంత్రం రోజులు. మన దగ్గర కూలి రోజుకు 500, యంత్రం అద్దె 1000. చొక్కాల కట్ట 6,000, నూలు కట్ట 10,500 అవుతుంది. స్వీడన్ లాంటి చోట కూలి 5,000, యంత్రం 800 అనుకోండి. అక్కడ చొక్కాలు 50,800, నూలు 13,000. రెండు సరుకులూ మన దగ్గరే అగ్గువ. అయితే రెండూ మనమే అమ్ముతామా? కాదు. అక్కడ ఒక కట్ట చొక్కాలు కుట్టడం మానేస్తే, ఆ ఖర్చుతో దాదాపు 4 కట్టల నూలు తీయవచ్చు. మన దగ్గర అర కట్ట కన్నా కొంచెం ఎక్కువ, అంతే. అందుకే చొక్కాలు మనం కుట్టి నూలు వాళ్ల దగ్గర తీసుకుంటే ఇద్దరికీ గిట్టుబాటు. చూడవలసింది జనాభా ఎంతని కాదు, ఒక్కో మనిషికి ఎంత యంత్రం దక్కుతుందని. చిన్న దేశంలో కూడా మనుషులు "దండిగా" ఉండవచ్చు.

ఈ లెక్కను మనం ఎంత శ్రద్ధగా తప్పించుకున్నామో చెప్పుకోవాలి. మనుషులు ఇంతమంది ఉన్న దేశం, బయటికి అమ్మే సరుకుల్లో ముందు వరుసలో శుద్ధి చేసిన పెట్రోలు, డీజిలును నిలబెట్టింది. ముడి చమురు కొనుక్కొస్తాం, జామ్‌నగర్ లాంటి చోట వేల కోట్ల గొట్టాల గుండా నడిపిస్తాం, మళ్లీ అమ్ముతాం. అందులో వేళ్లతో తోసే పని ఎక్కడుంది? ఇక చొక్కాల సంగతి. 2000 నాటి జౌళి విధానం దాకా నేసిన గుడ్డతో రెడీమేడ్ దుస్తుల తయారీ చిన్న పరిశ్రమలకే రిజర్వు. 100 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీ మనుషులను తగ్గించాలంటే ప్రభుత్వం అనుమతి కావాలని చాలాకాలం ఒక చట్టం ఉండేది. మనుషుల మేలు కోరే పెట్టారు, కాదనను. కానీ ఎక్కువ మందిని పెట్టుకుంటే టెన్షన్, తక్కువ మందిని పెట్టుకుంటే సుఖం అని షావుకారుకు అర్థమైంది. కూలి అగ్గువే, కూలివాణ్ణి పెట్టుకోవడం పిరం. స్వీడన్ వాళ్లు తమ సమీకరణంలో ఈ అనుమతులిచ్చే గుమాస్తాను కూర్చోబెట్టడం మరిచారు.

బంగ్లాదేశ్ వాళ్లు ఏం చేశారంటే, 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ తమ 130 మందిని దక్షిణ కొరియాకు, దేవూ ఫ్యాక్టరీకి పంపి కుట్టుపని నేర్పించింది. తిరిగొచ్చాక వాళ్లలో చాలామంది కొన్నేళ్లలోనే ఆ కంపెనీని వదిలేసి వేరే ఫ్యాక్టరీల్లో చేరారు, సొంతంగా పెట్టుకున్నారు. కంపెనీకి నష్టం, దేశానికి పరిశ్రమ.

మరి ఉత్తర తెలంగాణ ఊరికే కూర్చుందా? అసలు ఘనకార్యం ఇక్కడే ఉంది. శ్రమను చొక్కాలోకి మడతపెట్టి, ప్యాక్ చేసి, ఓడ ఎక్కించే తతంగం దండగనుకుని, మనిషిని నేరుగా విమానం ఎక్కించాం. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ఏ మండలంలో అడిగినా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఒకడుంటాడు. 1957లో రాబర్ట్ ముండెల్ అనే ఆర్థికవేత్త దీనికీ లెక్క రాశాడు: సరుకు కదలకుండా అడ్డుపడితే మనిషీ పెట్టుబడీ కదులుతాయి, సరుకు రాకపోకలకు అవే బదులు. ఆయన ఎక్కువగా పెట్టుబడి గురించే ఆలోచించాడు. ఏజెంటుకు లక్షలు కట్టి అప్పుతో వెళ్లిన మనిషి గురించి రాయలేదు. చొక్కా అయితే ఓడలో వెళ్తుంది, దానికి ఇంటి మీద బెంగ ఉండదు, వీసా రెన్యువల్ ఉండదు.

పోయిన నెల మా మేనబావ దుబాయ్ నుంచి వచ్చాడు. నాకొక కాటన్ చొక్కా తెచ్చాడు. "ఇంటర్నేషనల్ బ్రాండ్ బావా, కుట్టు చూడు ఎట్లుందో" అన్నాడు. కాలర్ వెనక చీటీ చూశాను, మేడ్ ఇన్ బంగ్లాదేశ్. దూది ఎక్కడిదో చీటీలో రాయరు, నాకు మాత్రం అనుమానమే. వేసుకుంటే చేతులు అంగుళంన్నర పొడుగు. టైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చంక కుట్టు తిప్పి చూసి, బాగా కుట్టిండ్రు అని మెచ్చుకుని, చేతులు తగ్గించడానికి 60 రూపాయలు చెప్పి, ఆదివారం రమ్మన్నాడు.