నోటీసు వచ్చాక పోస్టు చెరిపితే

పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిందంటే చాలామంది చేసే మొదటి పని, ఫిర్యాదుకు కారణమైన పోస్టును తీసేయడం. ఇంట్లోవాళ్లు, స్నేహితులు చెప్పే సలహా కూడా అదే: ‘ముందు అది డిలీట్ చెయ్, మిగతాది తర్వాత చూసుకుందాం.’ ఆ భయం మాకు అర్థం కాకపోలేదు. తప్పు దిద్దుకుంటున్నామనే నమ్మకంతో తీసేసేవారు కూడా ఉంటారు. కానీ ఫిర్యాదుకు ముందు చెరిపిన పోస్టును, ఫిర్యాదు సంగతి తెలిసిన తర్వాత చెరిపిన పోస్టును దర్యాప్తు అధికారి గానీ న్యాయస్థానం గానీ ఒకే కంటితో చూడవు. ఈ తేడా తెలియక, చిన్న కేసుతో పోయేదాన్ని అరెస్టు దాకా తెచ్చుకునే ప్రమాదం ఉంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఊరి జాతరలో తోపులాట జరిగింది. ఫలానా వర్గం వాళ్లే కావాలని చేశారని ఒక యువకుడు ఆ రాత్రి ఫేస్‌బుక్‌లో రాశాడు. ‘నువ్వు చూశావా?’ అని ఒకరు కింద అడిగితే, ‘నేను చూడలేదు, అక్కడున్నవాళ్లు చెప్పారు’ అని జవాబిచ్చాడు. మరో గంటకు అదే వ్యాఖ్యల వరుసలో, ‘పొరపాటు జరిగింది, అది నిజం కాదని తెలిసింది, క్షమించండి’ అని కూడా రాశాడు. మర్నాడు ఫిర్యాదు వెళ్లింది. దానికి జత చేసిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నవి మొదటి నాలుగు వాక్యాలే. విషయం తెలిసి కంగారుపడిన ఆ యువకుడు మొత్తం పోస్టును తీసేశాడు. స్క్రీన్‌షాట్ ఫిర్యాదుదారు దగ్గర భద్రంగా ఉంది. తాను స్వయంగా చూడలేదని ఒప్పుకున్న జవాబు, క్షమాపణ, వాటి సమయాలు మాత్రం పోస్టుతోపాటే పోయాయి. ఇలాంటి కేసుల్లో రాసినవాడి ఉద్దేశం ఏమిటన్నదే అసలు ప్రశ్న. తన ఉద్దేశం మంచిదేనని చూపగలిగిన ఒకే ఒక్క కాగితాన్ని అతను తన చేత్తోనే చించుకున్నాడు.

చట్టం నుంచి చూస్తే నష్టం ఇంకా పెద్దది. వర్గాల మధ్య వైరం పెంచారనో, పుకార్లు వ్యాపింపజేశారనో సాధారణంగా పెట్టే సెక్షన్లకు గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో ఫిర్యాదు వచ్చిందన్న కారణంతోనే అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అరెస్టుకు బదులు విచారణకు రమ్మని పోలీసులిచ్చే నోటీసును అప్పట్లో 41ఏ నోటీసు అనేవారు, పాత నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే ఇప్పుడు 35(3) నోటీసు అయింది. ఈ నోటీసు అందుకున్నవారు విచారణకు హాజరవుతూ షరతులు పాటిస్తున్నంతకాలం వారిని మామూలుగా అరెస్టు చేయరాదు. సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు పెట్టేటప్పుడు ఈ సూత్రాలను పాటించి తీరాలని తెలంగాణ హైకోర్టు కూడా 2025 సెప్టెంబరులో పోలీసులకు గుర్తుచేసింది. పౌరుడికి ఇది గట్టి రక్షణ. అయితే అరెస్టు ఎప్పుడు అవసరమవుతుందో చెప్పే అదే 35వ సెక్షన్, నిందితుడు సాక్ష్యాన్ని మాయం చేయకుండా లేదా తారుమారు చేయకుండా ఆపడాన్ని కూడా ఒక కారణంగా పేర్కొంది. మామూలుగా ఈ కారణాన్ని పోలీసులు రిమాండ్ రిపోర్టులో రాస్తే, ఆధారమేదని న్యాయవాది నిలదీయగలడు. నోటీసు అందిన రోజు సాయంత్రం పోస్టు చెరిపేసి ఉంటే ఆ ఆధారాన్ని నిందితుడే సమకూర్చినట్లవుతుంది. బెయిలు విచారణలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పారిపోతాడా, సాక్షులను ప్రభావితం చేస్తాడా అన్నవాటితోపాటు సాక్ష్యాన్ని చెడగొడతాడా అని కూడా న్యాయమూర్తి చూస్తారు.

చెరపడమే వేరే నేరం అవుతుందా? న్యాయస్థానంలో హాజరుపరచాల్సి వచ్చే పత్రాన్ని గానీ ఎలక్ట్రానిక్ రికార్డును గానీ సాక్ష్యంగా వాడుకోనీయకూడదన్న ఉద్దేశంతో దాచినా, నాశనం చేసినా భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. నిందితుడు తన సొంత పోస్టు తీసేసినప్పుడు ఈ సెక్షన్ ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదనకు తావున్న విషయమే. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణ చెబుతోంది. నిందితుడి చేత పత్రాలు తెప్పించే అధికారం పోలీసులకు, కోర్టులకు లేదని సుప్రీంకోర్టు 1965లోనే తేల్చింది. కాబట్టి పోస్టు గురించి మాట్లాడకుండా ఉండే హక్కు నిందితుడికి ఉంది. కానీ చెరిపివేతను ‘తదనంతర ప్రవర్తన’గా చూసే అధికారం కోర్టుకూ ఉంది. నేరం తర్వాత సాక్ష్యాన్ని నాశనం చేయడం, దాచడం పరిశీలించదగిన వాస్తవమని సాక్ష్య చట్టం తన ఉదాహరణల్లోనే చెబుతుంది. చూపగలిగి ఉండీ చూపని సాక్ష్యం, చూపితే తమకే ప్రతికూలంగా ఉండేదని భావించవచ్చని కూడా అదే చట్టంలో ఉంది. అలా భావించి తీరాలని లేదు, భావించవచ్చు అని మాత్రమే ఉంది. సివిల్ తగాదాల్లో ఈ ‘భావించవచ్చు’ అన్న మాటకే కేసు తూకాన్ని మార్చేంత బరువు ఉంటుంది.

ఆ బరువు ఎంతో తెలియాలంటే అమెరికాలోని వర్జీనియాలో నడిచిన ఒక నష్టపరిహారం కేసు చూడాలి. 2007లో అలైడ్ కాంక్రీట్ సంస్థ లారీ బోల్తాపడి ఒక మహిళ చనిపోయింది. ఆమె భర్త దావా వేశాడు. తప్పు లారీదేనన్నది స్పష్టం. అయితే భార్య పోయిన దుఃఖంలో ఉన్నానంటున్న మనిషి, చిలిపి రాత ఉన్న టీషర్టుతో, చేతిలో బీరు డబ్బాతో, మిత్రుల మధ్య ఉన్న ఫొటో ఒకటి అతని ఫేస్‌బుక్‌లో అవతలి పక్షం కంటబడింది. ఫేస్‌బుక్‌ను శుభ్రం చేసుకోమని న్యాయవాది తన సహాయకురాలి ద్వారా కబురు పంపాడు. అతను ఖాతా మూసేశాడు. ఈ రోజుకు తనకు ఫేస్‌బుక్ పేజీ లేదని అవతలి పక్షానికి జవాబు వెళ్లింది. తర్వాత ఖాతా మళ్లీ తెరిచి 16 ఫొటోలు తీసేశారు. చివరికి ఆ ఫొటోలన్నీ దొరికాయి. అవి అతని కేసుకు హాని చేసేవేనని భావించాలని న్యాయమూర్తి జ్యూరీకి చెప్పారు. ఈ వ్యవహారానికి న్యాయవాదికి 5,42,000 డాలర్లు, కక్షిదారుకు 1,80,000 డాలర్లు భారం పడింది. 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది, కింది కోర్టు తగ్గించిన నష్టపరిహారాన్ని మాత్రం పునరుద్ధరించింది. ఫొటోలు అక్కడే ఉన్నా అతను గెలిచేవాడే అన్నది ఈ కేసులో మమ్మల్ని ఎక్కువ బాధపెట్టే సంగతి. భార్య పోయినవాడు ఒక సాయంత్రం మిత్రులతో నవ్వినంత మాత్రాన అతని దుఃఖం అబద్ధం కాదని జ్యూరీకి చెప్పుకోవచ్చు. దాచబోయి దొరికిపోయాక అదే మాట చెప్పడం చాలా కష్టం.

నిజాయితీగా పశ్చాత్తాపపడినవారి సంగతేమిటి? తమిళ నటుడు, మాజీ శాసనసభ్యుడు ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా పాత్రికేయులను కించపరిచే రాతను ఫేస్‌బుక్‌లో పంచుకుని, అభ్యంతరం రాగానే కొద్ది గంటల్లో తీసేసి, క్షమాపణ చెప్పారు. అయినా కేసులు కొట్టేయడానికి 2023లో మద్రాసు హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు నిరాకరించాయి. పోస్టు తీసేయడం జరిగినదాన్ని జరగనట్లు చేయదన్నది దీని అర్థం. అయితే అంత తొందరగా, బహిరంగంగా, క్షమాపణతో తీసేయడాన్ని సాక్ష్యం దాచడమని అనడం సరికాదు. ఎప్పుడు తీశారు, చెప్పి తీశారా, ప్రతి ఉంచి తీశారా అన్న మూడు సంగతుల మీదే ఈ తేడా ఆధారపడుతుంది.

కాబట్టి జనం కంటికి కనిపించకుండా చేయడం వేరు, లేకుండా చేయడం వేరు. పోస్టు ఇంకా వ్యాపిస్తే ఊళ్లో గొడవ ముదురుతుందని అనిపిస్తే దాన్ని ఆపాల్సిందే. ఫేస్‌బుక్‌లో ఆ పోస్టును తనకొక్కడికే కనిపించేలా మార్చవచ్చు, లేదా ఆర్కైవ్‌లో పెట్టవచ్చు. అంతకుముందే పోస్టు లింకు, తేదీ, సమయం, కింద ఉన్న వ్యాఖ్యలన్నీ కనిపించేలా ప్రతి తీసుకుని, ఖాతా సమాచారం మొత్తాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. ఫలానా రోజు ఫలానా కారణంగా బహిరంగంగా కనిపించకుండా చేశాను, అసలు రికార్డు నా ఖాతాలో అలాగే ఉంది అని న్యాయవాది ద్వారా దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇప్పటికే చెరిపేసినవారు ఆలస్యం చేయకూడదు. ఫేస్‌బుక్‌లో తీసేసిన పోస్టు సాధారణంగా 30 రోజులపాటు ట్రాష్‌లో ఉంటుంది, ఆలోపు తిరిగి తెచ్చుకోవచ్చు. వాట్సాప్‌లో ‘అందరికీ డిలీట్’ చేసినా అక్కడ మెసేజ్ తొలగించినట్లు ఒక గుర్తు మిగులుతుంది. గ్రూపులో ఉన్న నూటయాభై మందిలో ఎవరి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉందో, ఎవరి బ్యాకప్‌లో పాత కాపీ ఉందో పంపినవారికి తెలియదు. పంపినవాడు వెనక్కి తీసుకున్నాడన్న సంగతిని మాత్రం ఆ గుర్తు అందరికీ చెబుతూనే ఉంటుంది.

ఈ జాగ్రత్త నిందితులకే కాదు, ఫిర్యాదుదారులకూ అవసరం. వేధింపులకు గురైన అమ్మాయి ఆ మెసేజ్‌లను చూడలేక చాట్ మొత్తం చెరిపేస్తుంది. లేదా కోపంలో తాను తిట్టిన జవాబులు పోలీసులు చూస్తారేమోనని వాటిని మాత్రం తీసేసి, మిగతావి చూపిస్తుంది. రెండోది మరీ ప్రమాదకరం. అవతలివాడి ఫోన్‌లో మొత్తం సంభాషణ ఉంటుంది. కోర్టులో అతని న్యాయవాది దాన్ని బయటపెట్టి, ఇవి ఎందుకు దాచారని అడిగినప్పుడు, వేధింపుకు విసిగి తిట్టిన ఆమె మాటలు నేరంలా కనిపిస్తాయి. దాచకుండా ఉంటే అవే మాటలు ఆమె ఎంత విసిగిపోయిందో చూపించేవి. అతన్ని బ్లాక్ చేయవచ్చు, చాట్‌ను మాత్రం మొదటి నుంచి చివరి వరకు అలాగే ఉంచాలి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందుంచాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అసలు ఫోన్‌లో రికార్డు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ఆ పత్రం ఇవ్వడం సులువు.

పోలీసుల బాధ్యత గురించి కూడా చెప్పాలి. రాజీ కుదర్చాలనో, గొడవ చల్లార్చాలనో స్టేషన్‌కు పిలిపించి ‘ముందు ఆ పోస్టు తీసెయ్’ అని నోటిమాటగా చెప్పడం తగదు. తర్వాత అధికారి మారితే, రాజీ చెడితే, ఆ చెరిపివేతే నిందితుడి మెడకు చుట్టుకుంటుంది. అప్పుడు అతని మాటకు రుజువు ఉండదు. తీయించాల్సినంత అవసరం ఉంటే ముందు పంచనామాతో ప్రతి తీసుకుని, తర్వాత రాతపూర్వకంగా చెప్పాలి. సాక్ష్యం తారుమారు చేయరాదన్న షరతు 35(3) నోటీసులో పెట్టేటప్పుడు, దాని పక్కనే ఒక తెలుగు వాక్యం చేర్చాలని మేము కోరుతున్నాం: ‘ఈ కేసుకు సంబంధించిన పోస్టులు, వ్యాఖ్యలు, మెసేజ్‌లు, ఫొటోలు చెరపవద్దు, ఇతరులకు కనిపించకుండా చేయదలిస్తే ప్రతి ఉంచి, ముందుగా మాకు రాసి ఇవ్వండి.’ నోటీసు అందుకున్నవారికి ఆ మాట అదే పూట, పోస్టు చెరపకముందే తెలియాలి.