శిక్ష వేశాక రిపోర్టు ఇస్తే ఎవరికి ఉపయోగం?

ఇవాళ లంచ్ టైంలో మా ఆఫీసులో జరిగింది చెప్పకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదు. హనుమకొండలో మా సెక్షన్‌లో పనిచేసే ఒక జూనియర్ అసిస్టెంట్‌కి తపాల్లో ఆర్డర్ వచ్చింది. రెండు ఇంక్రిమెంట్లు కట్, అదీ క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో. ఆర్డర్ వెనక పిన్ను గుచ్చి ఎంక్వైరీ రిపోర్టు ఉంది. ఆ రిపోర్టును అతడు చూడటం అదే మొదటిసారి. "అక్కా, వీళ్లు నా గురించి ఇట్ల రాసిన్రని నాకు తెల్వనే తెల్వది" అంటూ కాగితాలు నా టేబుల్ మీద పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి.

పక్కనే అన్నం తింటున్న ఒక సూపరింటెండెంట్ సార్, "ముందుగాల కాపీ ఎందుకు ఇయ్యాలె? రెండో షోకాజ్ నోటీసు ఎప్పుడో తీసేసిన్రు గదా" అన్నారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి! నాకు ముద్ద దిగలేదు.

రెండో నోటీసు తీసేసిన మాట నిజమే. 1976లో చేసిన 42వ రాజ్యాంగ సవరణతో 311వ అధికరణలో ఆ భాగం పోయింది. అంతకుముందు ఉద్యోగిని తీసేయాలన్నా, హోదా తగ్గించాలన్నా "నీకు ఫలానా శిక్ష వేద్దామనుకుంటున్నాం, ఏమంటావు?" అని విడిగా అడగాల్సి వచ్చేది. పోయింది ఆ ప్రశ్న ఒక్కటే. ఎంక్వైరీ ఆఫీసర్ రాసిన రిపోర్టు చదివి "ఇది తప్పు, ఇక్కడ సాక్ష్యమే లేదు" అని చెప్పుకునే హక్కు పోలేదు. ఈ మాటను సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ 1993లోనే తేల్చింది. ఆ కేసు ఎక్కడిదో కాదు, మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌ది. ఆ సంస్థకూ బి. కరుణాకర్ అనే ఉద్యోగికీ నడిచిన కేసు.

అందులో కోర్టు చెప్పిన కారణం వింటే మా సార్‌కు కూడా అర్థమవుతుంది. ఎంక్వైరీ చేసేది ఒకరు, శిక్ష వేసేది ఇంకొకరు. సాక్షుల్ని ఎదురుగా చూసింది ఎంక్వైరీ ఆఫీసర్. శిక్ష వేసే అధికారి చేతిలో ఉండేది ఆ రిపోర్టు. మరి ఆయన మనసులో "వీడు తప్పు చేశాడు" అన్న నిర్ణయం పడేటప్పుడు, దానికి ఆధారమైన కాగితం ఆయన చూస్తాడు, ఉద్యోగి చూడడు. అది వినడం ఎట్లా అవుతుంది? అందుకే రిపోర్టు ముందే ఇవ్వాలి, దాని మీద ఉద్యోగి రాసిన జవాబు చదవాలి, ఆ తర్వాతే తప్పు ఉందో లేదో తేల్చాలి. రూల్స్‌లో రాయకపోయినా ఇవ్వాల్సిందే అన్నది కోర్టు. మన ఉద్యోగుల మీద చర్యలకు దారి చూపే సీసీఏ రూల్స్‌లోనైతే రాసే ఉంది.

"ఇంక్రిమెంటే గదా, ఉద్యోగం పోలేదు గదా" అని ఇంకో సార్ అన్నారు. ఇంక్రిమెంట్ కట్‌కు 311 వర్తించదన్నది నిజం. కానీ క్యుములేటివ్ ఎఫెక్ట్ అన్న మాట పడగానే అది మేజర్ పెనాల్టీ, అంటే పెద్ద శిక్షల్లో ఒకటి అవుతుంది. మామూలు కట్ అయితే గడువు అయ్యాక జీతం మళ్లీ పాత దారిలోకి వస్తుంది. క్యుములేటివ్ అయితే రాదు. ఒక ఇంక్రిమెంట్ 1,500 అనుకోండి, రెండూ పోయాక నెలకు 3,000 తక్కువ. ఇంకా 15 ఏళ్ల సర్వీసు ఉంటే 5,40,000 రూపాయలు, డీఏ లెక్క కలపకుండానే. రిటైరయ్యాక పెన్షన్ కూడా ఆ తక్కువ జీతం మీదే. ఆ పిల్లవాడికి ఇద్దరు ఆడపిల్లలు.

ఇంతకీ అతని మీద ఆరోపణ ఏమిటంటే, స్టాక్ రిజిస్టర్‌లో రెండు ప్రింటర్లు తక్కువ. ఛార్జ్ మెమోలో "2023-24 ఆర్థిక సంవత్సరంలో" అని ఉందే తప్ప ఏ తేదీన అన్నది లేదు. ఇవాళ రిపోర్టు తెరిస్తే అందులో ఒక డెలివరీ చలానా, దాని మీద 2024 ఫిబ్రవరి 22 తేదీ. ఆ సంతకం ఇతనిదిలాగా ఉందని ఎంక్వైరీ ఆఫీసర్ రాశారు. ఛార్జ్ మెమోకు జతచేసిన డాక్యుమెంట్ల లిస్టులో ఆ చలానా లేనే లేదు. సరుకు ఇచ్చిన సప్లయర్ ప్రాథమిక విచారణలో ఏదో చెప్పాడట, అసలు ఎంక్వైరీకి అతన్ని పిలవలేదు. పిలవని మనిషిని ఇతడు ఏమని ప్రశ్నిస్తాడు?

ఆ తేదీ చూసి నేను కుర్చీలోంచి లేచాను. ఫిబ్రవరి 22 అంటే మేడారం జాతర! ఆ వారమంతా అతడు జాతర డ్యూటీలో ఉన్నాడు. మా ఆఫీసు నుంచి ఆరుగురం వెళ్లాం, నేనూ ఉన్నాను. డ్యూటీ ఆర్డర్ ఉంది. జంపన్నవాగు దగ్గర డ్యూటీలో ఉన్న మనిషి హనుమకొండలో చలానా మీద ఎట్లా సంతకం పెడతాడు? రిపోర్టు ముందే ఇచ్చి ఉంటే ఒక్క పేజీ జవాబుతో ఈ సంగతి తేలిపోయేది.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. "కాపీ ఇవ్వలేదు" అని ఒక్క ముక్క రాసి కోర్టుకు పోతారు. కరుణాకర్ కేసులోనే కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. కాపీ ఇవ్వనంత మాత్రాన ఆర్డర్ దానంతట అదే కొట్టుకుపోదు, ఇవ్వకపోవడం వల్ల నీకు ఏం నష్టం జరిగిందో చూపించాలి. ముందే ఇచ్చినా జవాబులో కొత్తగా చెప్పేదేమీ లేకపోతే ఆర్డర్ అట్లాగే ఉంటుంది. ఇతని దగ్గర చెప్పేది ఉంది. గెలిచినా కేసు మూతపడదు. మళ్లీ రిపోర్టు ఇచ్చే మెట్టు దగ్గరికి వెనక్కి వస్తుంది, అక్కడి నుంచి నడుస్తుంది.

ఇదంతా చెబుతుంటే నాకు నా సంగతే గుర్తొచ్చి కడుపు మండింది. సీనియర్ అసిస్టెంట్ నుంచి సూపరింటెండెంట్ ప్రమోషన్‌కు ప్యానెల్ వేసినప్పుడు నా పేరు సీల్డ్ కవర్‌లో పెట్టారు, అంటే నా మీద నిర్ణయాన్ని కవర్‌లో మూసి ప్రమోషన్ ఆపారు. నా మీద ఛార్జ్ మెమో లేదు, ఉన్నది ఒక ఆకాశరామన్న ఉత్తరం. "విచారణ ఆలోచనలో ఉంది" అన్నారు. 1991లో జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు ఛార్జ్ మెమో చేతికిచ్చాకో, క్రిమినల్ కేసులో ఛార్జ్‌షీట్ పడ్డాకో తప్ప సీల్డ్ కవర్ పెట్టకూడదన్నది. ఫిర్యాదు వచ్చిందనో, ప్రాథమిక విచారణ నడుస్తోందనో ఆపడానికి వీల్లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఆగస్టు 31తో ప్యానెల్ సంవత్సరం అయిపోయింది, నా జూనియర్ కుర్చీ ఎక్కింది. ఎనిమిది నెలల తర్వాత ఉత్తరంలో ఏమీ లేదని ఫైల్ మూశారు. కవర్ మాత్రం ఎవరూ తెరవలేదు. నేను కూడా ఒక్క అర్జీ పెట్టలేదు. పెద్ద సార్లతో ఎందుకులే అనుకున్నాను. ఇవాళ నేను రాసిన నోట్ ఫైల్ మీద ఆమె సంతకం పెడుతుంది.

అందుకే సాయంత్రం ఆ పిల్లవాణ్ని ఇంటికి పోనివ్వలేదు. ఆర్డర్ ఏ తేదీన చేతికి వచ్చిందో కవర్ మీద రాయించాను, అప్పీలు గడువు ఆ తేదీ నుంచే లెక్క. అప్పీలులో మొదటి పేరాలోనే రిపోర్టు ఆర్డర్‌తో పాటే అందిందని రాశాం. రెండో పేరాలో చలానా లిస్టులో లేదని, మూడో పేరాలో జాతర డ్యూటీ. రేపు పొద్దున చౌరస్తాలో జిరాక్స్ తీయించి డ్యూటీ ఆర్డర్ జతచేస్తాం. నా డ్యూటీ ఆర్డర్ కూడా పెడుతున్నాను, అందులో అతని పేరు నా పేరు కిందనే ఉంది.