సవరణ: డాంపింగ్ ఉన్న స్ప్రింగుకు శక్తి ప్రమేయం

“y = 0 అయితే V' సున్నా కదండీ, మూలబిందువు తప్ప అంతటా ఋణాత్మకమని ఎలా రాశారు?” (చెన్నై తెలుగు గణిత బృందంలో ఒక మిత్రుని ప్రశ్న)

శక్తి V మారే రేటు V' మూలబిందువు తప్ప అంతటా ఋణాత్మకమని నేను ఇంతకుముందు రాసిన వాక్యం తప్పు, పొరపాటు నాదే. x స్ప్రింగు సాగుదల, y దాని వేగం అయినప్పుడు x' = y, y' = −x − y సమీకరణాలకు V = (x² + y²)/2 తీసుకుంటే V' = −y² వస్తుంది; (1, 0) దగ్గర, అంటే స్ప్రింగు పూర్తిగా సాగి క్షణం ఆగినప్పుడు, అది సున్నాయే. కనుక ప్రామాణిక పాఠ్యపుస్తకాల్లోని లియపునోవ్ సిద్ధాంతం ప్రకారం, సమీకరణాన్ని సాధించకుండా ఇక్కడ తేలేది మూలబిందువు సుస్థిరమని మాత్రమే. పథాలు చివరికి దాన్ని చేరతాయని కాదు. చేరతాయనడానికి లాసాల్ సూత్రం కావాలి: y = 0 గీత మీద x సున్నా కానప్పుడు y' = −x కూడా సున్నా కాదు కాబట్టి, పథం ఆ గీతను వెంటనే వదులుతుంది, శక్తి మళ్ళీ తగ్గుతుంది. నాకు మరింత నచ్చిన దారి V = 3x²/2 + xy + y²; ఇదీ ధనాత్మకమే, దీనికి V' = −x² − y², ఇది మూలబిందువు తప్ప అంతటా ఋణాత్మకం కాబట్టి లాసాల్ సూత్రం లేకుండానే పథాలు మూలబిందువును చేరతాయని తేలుతుంది.